గేటు దాటకుండానే లైను మారొచ్చు

సంపాదకులకు,

హైదరాబాద్ మెట్రో ఎరుపు, నీలం లైన్లు అమీర్‌పేటలో కలుస్తాయి. మియాపూర్ నుంచి రాయదుర్గం వెళ్లేవారు ఇక్కడే రైలు మారాలి. టికెట్ గేట్ల లోపల ఉన్నంతసేపు ప్రయాణం ఒకటే. మెట్లో ఎస్కలేటరో ఎక్కి రెండో లైను ప్లాట్‌ఫారానికి వెళ్తే చాలు. కొత్తవారు జనం వెంట నడిచి, గేటుకు కార్డు తాకించేస్తే ఆ ప్రయాణం అక్కడితో ముగిసినట్టే. మళ్లీ లోపలికొస్తే ఛార్జీ మొదటి శ్లాబు నుంచి మొదలవుతుంది. అలా రెండు ముక్కలకు కట్టింది, ఒకే టికెట్‌కు అయ్యేదానికంటే ఎక్కువవుతుంది. క్యూఆర్ టికెట్ అయితే ఇంకా కష్టం, కొత్తది కొనాల్సిందే.

గేట్లకు కాస్త ముందే, నేలమీద ఎరుపు, నీలం గీతలు వేసి ‘రైలు మారేవారు ఇటు’ అని పెద్దగా తెలుగులో రాయించాలి. ఆ తోపులాటలో తలెత్తి బోర్డులు చదివేదెవరు?

- ఒక ప్రయాణికుడు, హైదరాబాద్