బొమ్మ కింద పేరు చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ మీద వచ్చే వ్యాసాల్లో ఆయన భార్య మారీ ఆన్ గురించి ‘సాయపడింది’ అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఇది అన్యాయం. ఆయన 1789 రసాయనశాస్త్ర గ్రంథం స్కాన్ కాపీ తెరిచి, చివర్లో ఉన్న 13 పరికరాల బొమ్మలు చూడండి. కింద చిన్న అక్షరాల్లో ‘పోల్జ్ లావోయిజర్ చెక్కినది’ అని లాటిన్‌లో ఉంటుంది. పోల్జ్ ఆమె పుట్టింటి పేరు. ఆ పేరుతో కూడా వెతికితే, మండే వస్తువుల్లో ఉంటుందని అప్పట్లో నమ్మిన ఫ్లోజిస్టాన్ అనే పదార్థం మీద ఐరిష్ రసాయన శాస్త్రవేత్త కిర్వాన్ రాసిన పుస్తకానికి 1788లో ఆమె చేసిన ఫ్రెంచి అనువాదమూ దొరుకుతుంది. ప్రయోగశాల నోటు పుస్తకాల్లోనూ ఆమె చేతిరాత ఉంది. ప్రయోగం ఎవరి ఆలోచనో చేతిరాత చెప్పదు, నిజమే. కానీ ఆమె అక్కడ పనిచేసిందనడానికి అది సాక్ష్యం. ఈసారి వ్యాసంతో పాటు ఒక బొమ్మను, ఆ పేరు కనబడేలా అచ్చు వేయండి.

– ఒక సైన్సు టీచరు, అనంతపురం