అమ్మమ్మ చెంప దగ్గర మిగిలిన సందు

"మీరు పంపిన పేజీని ట్యాబ్‌లో తెరిచి మా పాప అమ్మమ్మ ముఖానికి రంగు వేస్తే, వెనక గోడంతా అదే రంగైపోయింది. గీతలు చూస్తే బాగానే ఉన్నాయి. ఎందుకిలా?"

తప్పు మాదేనండి. మీ ఇంటి ఫొటోలను పిల్లలు రంగులు వేసుకునే గీతల పేజీలుగా మార్చి ఇస్తుంటాం కదా. ఇంతకాలం ఫొటోను ముందు ఫిల్టర్‌తో గీతలుగా మార్చి, తర్వాత చేత్తో సరిదిద్దేవాళ్లం. ఫిల్టర్‌కి చెంప ఏదో గోడ ఏదో తెలియదు, వెలుగులో తేడా ఉన్నచోటే గీత వేస్తుంది. ఈ ఫొటోలో కిటికీ వెలుగు పడి అమ్మమ్మ ఎడమ చెంప, లేత గోడ ఒక్కలాగే తెల్లబడ్డాయి. అక్కడ గీతే రాలేదు. మేం కలిపాం గానీ చెవి కింద రెండు మూడు పిక్సెళ్ల సందు ఉండిపోయింది. కంటికి ఆనదు, రంగు కారిపోవడానికి మాత్రం చాలు. మరోపక్క స్వెటర్ అల్లికలో తేడాలు ఎక్కువ కాబట్టి అక్కడ గీతల మీద గీతలు పడ్డాయి.

అందుకే ఫిల్టర్ మానేశాం. ఏ4 పేజీని 300 డీపీఐలో తెరిచి, ఫొటోను బాగా మసకగా కింద లేయర్‌లో పెట్టి, పైన ఖాళీ లేయర్ మీద మొత్తం చేత్తోనే గీస్తున్నాం. బయటి గీత 20 పిక్సెళ్లు, అంటే ప్రింట్‌లో సుమారు 1.7 మిల్లీమీటర్లు. ముఖంలోని గీతలు అందులో సగం.

ఆ ఫొటోనే మళ్లీ గీశాం. ఒళ్లో పాప గౌను, అమ్మమ్మ స్వెటర్ రెండూ ముదురు నీలమే కావడంతో హద్దు కనబడలేదు. ఫొటో వెలుగు పెంచి చూస్తే గౌను అంచు దొరికింది. వేళ్లు గౌను వెనక్కి వెళ్లేచోట ప్రతి వేలి గీతనూ గౌను గీతకు తాకించి ఆపాం. జుట్టుకు వెంట్రుకలు గీయలేదు, ఒకటే ఆకారం. పళ్లు కూడా ఒకటే తెల్లటి పట్టీ. ముడతల్లో నవ్వు గీతలు రెండే ఉంచాం. అవి తీసేస్తే ఆవిడ ఆవిడలా లేరు మరి. క్రేయాన్ మొన పట్టని చిన్న గళ్లను పక్కవాటిలో కలిపేశాం.

చివర్లో గీతల కింద ఇంకో లేయర్ పెట్టి, బకెట్ టూల్‌తో ముందు బయటి ఖాళీలో ఎర్రరంగు పోస్తాం. మనుషుల్లోకి ఎరుపు వచ్చిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. తర్వాత ఒక్కో గడిలో ఒక్కో రంగు పోసి చూస్తాం. అమ్మమ్మ పేజీలో ఈసారి కళ్లజోడు కాడ దగ్గర ఒకటి దొరికింది, మూసేశాం.

దీనివల్ల పేజీకి ఒక రోజు ఎక్కువ పడుతుంది. పదిమంది నిలబడిన ఫొటోలో ముఖాలు బఠాణీ గింజంత ఉంటే పోలిక రాదు, అలాంటివి తీసుకోలేం. నడుము పైనుంచి తీసిన ఫొటో పంపండి. పాత పేజీలో రంగు కారుతుంటే ఆ ఫొటోనే మళ్లీ పంపండి, డబ్బు తీసుకోకుండా కొత్తగా గీసిస్తాం.