మధ్య గడిలో ఉన్నది ఏ అంచనా?

సంపాదకుడు గారికి,

గత వారం జిల్లా పేజీలో మా మునిసిపాలిటీ 2025-26 బడ్జెట్ మీద మూడు గడుల పట్టిక వేశారు. గడుల నెత్తిన 'గత ఏడాది', 'ఈ ఏడాది', 'వచ్చే ఏడాది' అని మాత్రమే ఉంది. దాని కింద వార్తలో తాగునీటికి భారీ పెంపు, మురుగు కాలువలకు పెంపు, పార్కులకు కోత అంటూ శాతాలు రాశారు. ఏ గడిని దేనితో పోల్చి ఆ శాతాలు కట్టారో ఎక్కడా లేదు. నాలుగు రోజులు ఆగి చూశాను, సవరణ ఏమైనా వేస్తారేమోనని. వేయలేదు కనుక రాస్తున్నాను.

మొదట సంవత్సరాల సంగతి. మార్చిలో ఆమోదించే బడ్జెట్‌లో 'వాస్తవం' గడి కిందకు వచ్చేది 2023-24 మాత్రమే. 2024-25 ఇంకా నడుస్తోంది, దాని లెక్క మార్చి 31 దాటితే గాని మూయరు. 'గత ఏడాది' అని రాస్తే చదివేవారు ఇప్పుడు ముగుస్తున్న ఏడాదే అనుకుంటారు. అంటే రెండేళ్ల కిందటి ఖర్చును నిన్న మొన్నటి ఖర్చుగా చదువుతారు. గడి మీద సంవత్సరం అంకెల్లో వేస్తే పోయే పొరపాటు ఇది. దానికి అరంగుళం జాగా కూడా అక్కర్లేదు.

అసలు చిక్కు మధ్య గడిది. నడుస్తున్న ఏడాదికి రెండు అంచనాలు ఉంటాయి. నిరుడు మార్చిలో ఆమోదించినది బడ్జెట్ అంచనా. ఏడాది మూడొంతులు గడిచాక, డిసెంబరు దాకా జరిగిన ఖర్చు చూసి మిగతా మూడు నెలలకు ఎంత పడుతుందో కలిపి వేసేది సవరించిన అంచనా. కేంద్ర బడ్జెట్ పుస్తకాల్లో ఈ రెంటికీ వేరు వేరు గడులుంటాయి. అందుకే అక్కడ నాలుగు గడులు కనిపిస్తాయి. పత్రికలో జాగా లేదని ఒకటి తీసేస్తారు. ఏది తీశారో చెప్పకపోతే మిగిలిన మూడు గడులతో ఎటు కావాలంటే అటు కథ చెప్పవచ్చు.

ఇది ఊహించి చెప్పడం లేదు. 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో జల్ జీవన్ మిషన్ పద్దు చూడండి. 2023-24లో వాస్తవ ఖర్చు దాదాపు 70 వేల కోట్ల రూపాయలు. 2024-25కు బడ్జెట్ అంచనా కూడా దాదాపు 70 వేల కోట్లే. కానీ అదే ఏడాది సవరించిన అంచనా 22,694 కోట్లకు పడిపోయింది. 2025-26కు ప్రతిపాదన 67,000 కోట్లు. మధ్య గడిలో బడ్జెట్ అంచనా వేస్తే నాలుగు శాతానికి పైగా కోత. సవరించిన అంచనా వేస్తే దాదాపు మూడు రెట్లకు పెంపు. రెండూ లెక్క ప్రకారం సరైనవే, కానీ ఏ ఒక్కటీ విషయం పూర్తిగా చెప్పదు. పాఠకుడికి తెలియాల్సింది ఇస్తామన్న 70 వేల కోట్లలో మూడో వంతు కూడా పద్దులో నిలవలేదన్న సంగతి. మిషన్ గడువును 2028 దాకా పొడిగిస్తున్నట్టు చెప్పింది కూడా ఆ బడ్జెట్ ప్రసంగంలోనే. మూడు గడుల పట్టికలో మధ్య గడికి పేరు లేకపోతే ఇదంతా మాయమవుతుంది.

ఉపాధి హామీ పథకంలో ఇదే తిరగబడి కనిపిస్తుంది. 2022-23కు బడ్జెట్ అంచనా 73,000 కోట్లు, సవరించినది 89,400 కోట్లు. 2023-24కు ప్రతిపాదించింది 60,000 కోట్లు. మొదటి దానితో పోలిస్తే దాదాపు 18 శాతం కోత, రెండో దానితో పోలిస్తే దాదాపు 33 శాతం. తర్వాత తేలిన 2022-23 వాస్తవ ఖర్చు 90,806 కోట్లు. అంటే సవరించిన అంచనా అసలు ఖర్చుకు చాలా దగ్గరగా వచ్చింది, బడ్జెట్ అంచనా రాలేదు. కాబట్టి మూడు గడులకే జాగా ఉంటే మధ్యలో సవరించిన అంచనానే వేయాలి, ఆ మాట గడి మీద రాయాలి, అది బడ్జెట్ అంచనాకు బాగా దూరంగా ఉన్న పద్దుల్లో పాత అంకెను కింద చిన్న అక్షరాల్లో ఇవ్వాలి.

మునిసిపాలిటీల్లో మాత్రం సవరించిన అంచనాను కూడా కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. మాటకు, కాలువల పూడికతీతకు 2023-24లో ఖర్చయింది 60 లక్షలు, 2024-25 గడిలో రెండు కోట్లు, 2025-26కు రెండు కోట్ల ఇరవై లక్షలు అనుకుందాం. వార్తలో పది శాతం పెంపు అని వస్తుంది. డిసెంబరు దాకా ఖర్చు 45 లక్షలే అయి ఉంటే ఆ రెండు కోట్లు సవరించినవి కావు, పాత అంకెనే మళ్లీ దించారు. దీన్ని పట్టుకోవాలంటే తొమ్మిది నెలల ఖర్చు పక్కన ఉండాలి. అలాగని తొమ్మిది నెలల అంకెను పన్నెండుకు సాగదీసినా తప్పే. ఆస్తి పన్ను వసూళ్లు, పనుల బిల్లులు మార్చిలోనే ఎక్కువగా పడతాయి. అందుకే ప్రతి పద్దుకూ నిరుటి చివరి మూడు నెలల్లో ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చూసి పోల్చాలి.

ఇంకో పరీక్ష ఉంది, దీనికి ఏ అధికారినీ అడగక్కర్లేదు. ప్రారంభ నిల్వకు రాబడి కలిపి ఖర్చు తీసేస్తే ముగింపు నిల్వ. మొదటి గడి ముగింపు నిల్వే రెండో గడి ప్రారంభ నిల్వ కావాలి, రెండోదాని ముగింపే మూడోదాని ప్రారంభం కావాలి. అలా కలవకపోతే ఎక్కడో ఒక అంకెను సర్దారన్నమాట. కలిసినా మిగులు ఉందని సంబరపడనక్కర్లేదు. ఆ నిల్వలో కాంట్రాక్టర్ల డిపాజిట్లు, ఫలానా పనికే అని వచ్చిన గ్రాంట్లు కలిసి ఉంటాయి, వాటితో వీధి దీపాలు వేయలేరు. మీ పట్టికలో నిల్వల వరుసే లేదు. పట్టిక మొత్తంలో సరిచూసుకోవడానికి పనికొచ్చే వరుస అదొక్కటే!

తప్పంతా పత్రికది అనను. చాలా చోట్ల బడ్జెట్ ప్రతి కౌన్సిలర్ల చేతికి సమావేశానికి కాస్త ముందు మాత్రమే అందుతుంది, చదివే వ్యవధి ఉండదు. నాలుగు మాటలు మాట్లాడి, బల్లలు చరిచి ఆమోదిస్తారు. తర్వాత అడిగినవారికి ప్రతి దొరకదు. ఒకప్పుడు కనీసం నోటీసు బోర్డు మీద వివరాలు అంటించేవారు. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో ఉన్నాయంటారు, మన కంటికి కనిపించేది చైర్మన్ ఫొటో, మొత్తం కోట్ల అంకె. వాళ్లిచ్చిన నోట్‌నే యథాతథంగా అచ్చు వేస్తే ఇక పత్రిక ఎందుకండీ? ప్రతిపాదన భారీగా కనిపించాలంటే మధ్య గడిలో తక్కువ అంకె కావాలి, కోత కనిపించకూడదంటే ఎక్కువ అంకె కావాలి. ఏది కావాలో ఎంచుకునే అవకాశం నోట్ రాసేవారికి ఉంది. దాన్ని నిలదీసే అవకాశం మీకుంది.

సామాన్యుడు అడిగితే రేపు రమ్మంటారు, మీ విలేకరి అడిగితే అకౌంట్స్ సెక్షన్‌లో కాదనరు. పద్దుల వారీగా డిసెంబరు వరకు అయిన ఖర్చు తెప్పించి, మొన్న వేసిన పట్టికకు ఆ గడి జోడించి మళ్లీ ఒకసారి వేయండి.

— ఒక విశ్రాంత అకౌంటెంట్