టైమర్ బాగానే ఉంది, వీధే చీకట్లో ఉంది

సంపాదకులకు,

మా వీధి దీపాలు ఏడాది పొడవునా సాయంత్రం 6:30కి వెలిగి, పొద్దున 6:00కి ఆరిపోతాయి. జూలైలో అవి వెలిగేసరికి గోడల మీద ఇంకా ఎండ ఉంటుంది. నవంబర్ చివర్లో మాత్రం అవి వెలిగేలోపు అరగంట సేపు ఎదురుగా వచ్చే మనిషి మొహం కనిపించదు. ఫిర్యాదు చేస్తే ఇద్దరు వచ్చారు. ప్యానెల్ తలుపు తీసి చూసి, "టైమర్ కరెక్ట్‌గానే ఉందండీ" అని చెప్పి వెళ్లిపోయారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ టైమర్ గడియారాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. సూర్యుడే దాన్ని పాటించడం లేదు.

ఇలాంటి ప్యానెళ్లు బిగించడంలోనే నా ఉద్యోగకాలం చాలావరకు గడిచింది. రిటైరయ్యాక కూడా సాయంత్రం నడకలో స్తంభాల వైపే చూస్తుంటాను, అలవాటు పోదు కదా. ఈ సమస్య గురించి వచ్చే ఫిర్యాదులన్నీ "దీపాలు లేటుగా వెలుగుతున్నాయి" దగ్గరే ఆగిపోతాయి. ఎంత లేటు, ఏ నెలలో, ఎందుకు అన్నది ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం.

లెక్క ఒక చోటికి కట్టాలి కాబట్టి భూమధ్యరేఖకు 17.4 డిగ్రీల ఉత్తరంగా, ఆ ప్రాంతపు ప్రామాణిక కాలరేఖకు 4 డిగ్రీల పడమరగా ఉన్న ఊరిని తీసుకుంటాను. అక్కడ అన్నిటికంటే తొందరగా పొద్దు గూకేది నవంబర్ చివరి వారంలో, సుమారు 5:40కి. అన్నిటికంటే ఆలస్యంగా గూకేది జూలై మొదటి వారంలో, 6:55కి. అంటే సాయంత్రం ఒక్కటే గంటంబావు అటూ ఇటూ జరుగుతుంది. సూర్యుడు దిగిన వెంటనే చీకటి పడదు, సంజ వెలుగు కొంతసేపు ఉంటుంది. ఈ అక్షాంశంలో ఆ వెలుగుతో వీధిలో పని జరిగేది 22, 23 నిమిషాలు. కాబట్టి సూర్యాస్తమయం తర్వాత 15 నిమిషాలకు దీపం వెలిగితే సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. డిసెంబర్ 21 ఏడాదిలో అతి చిన్న పగలు కాబట్టి సాయంత్రం కూడా ఆరోజే తొందరగా ముగుస్తుందనుకుంటారు. ఈ ఊళ్లో ఆ రోజు సూర్యాస్తమయం 5:46కి. నాలుగు వారాల ముందు కంటే అప్పటికే ఆరేడు నిమిషాలు ఆలస్యం. పొద్దున సంగతి ఇంకోలా ఉంటుంది. అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది జనవరి 20 ప్రాంతంలో, 6:50కి. మా దీపాలేమో అప్పటికి యాభై నిమిషాల ముందే ఆరిపోయి ఉంటాయి.

దీనికి కారణం ఒకటి కాదు, రెండు. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్ల పగలు పెరిగి తగ్గుతుంటుంది. ఇది బడిలో అందరం చదువుకున్నదే. రెండోదాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. సూర్యుడు నడినెత్తికి వచ్చే క్షణం కూడా గడియారంలో ఒకచోట నిలవదు. భూమి కక్ష్య కోడిగుడ్డులా కాస్త సాగి ఉంటుంది, జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా వచ్చి వేగంగా నడుస్తుంది. దానికి ఆ వంపు ప్రభావం కూడా తోడై, మనం చెప్పుకుంటున్న ఊళ్లో అసలు మధ్యాహ్నం ఫిబ్రవరి రెండో వారంలో 12:30కి, నవంబర్ మొదట్లో 12:00కి వస్తుంది. పగటి మధ్య బిందువే అరగంట కదిలితే దాని రెండు చివరలూ దానితోపాటు కదులుతాయి.

సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 15 దాకా చూడండి. ఈ నెలన్నరలో పగలు తగ్గడం వల్ల సాయంత్రం 21 నిమిషాలు ముందుకు రావాలి. మధ్యాహ్నం కూడా అదే సమయంలో 14 నిమిషాలు ముందుకు జరుగుతుంది. రెండూ కలిసి సూర్యాస్తమయం 6:30 నుంచి 5:55కి వచ్చేస్తుంది. నెలన్నరలో 35 నిమిషాలు! పొద్దున పూట మాత్రం అవే రెండు కదలికలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి కాబట్టి సూర్యోదయం 7 నిమిషాలే మారుతుంది. "ఈ మధ్య చీకటి ఒక్కసారిగా పడిపోతోంది" అని అక్టోబర్‌లో మనం అనుకోవడం వట్టి భ్రమ కాదు. ఫిబ్రవరి 11 నుంచి మే 1 వరకు దీనికి పూర్తిగా తలకిందులు. సాయంత్రం 20 నిమిషాలే మారుతుంది, ఉదయం 54 నిమిషాలు మారుతుంది.

అందుకే "ఏడాదికి రెండుసార్లు టైమర్ మారుస్తాం" అనే హామీ నాకు నచ్చదు. మార్చి 20, సెప్టెంబర్ 23 రెండూ పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజులే అయినా వాటి సూర్యాస్తమయాల మధ్య 15 నిమిషాల తేడా ఉంది. పైగా మార్చడానికి వచ్చే మనిషి సాయంత్రాన్ని ఎంత జరుపుతాడో ఉదయాన్నీ అంతే జరుపుతాడు. అవి ఎప్పుడూ సమానంగా జరగవని పై లెక్కే చెబుతోంది.

ఫిర్యాదులు ఎక్కువైతే చేసే ఇంకో పని ఉంది. ఏ నెలలోనూ చీకటి లేకుండా టైమర్‌ని బాగా వెడల్పు చేసేస్తారు. మా ప్యానెల్‌లో ఉన్నది పాత డయల్ టైమర్, దాని చుట్టూ 15 నిమిషాలకు ఒక పిన్ను ఉంటుంది. నవంబర్‌నీ జనవరినీ కాపాడాలంటే ఆన్ 5:45కి, ఆఫ్ 6:45కి పెట్టాలి. అంటే రోజుకు 13 గంటలు, ఏడాదికి 4,745 గంటలు. అదే సూర్యాస్తమయం తర్వాత 15 నిమిషాలకు వెలిగి, సూర్యోదయానికి 15 నిమిషాల ముందు ఆరితే ఏడాదికి సుమారు 4,150 గంటలు చాలు. తేడా దాదాపు 600 గంటలు. ఒక్కో దీపం 60 వాట్లదైతే దీపానికి 36 యూనిట్లు, 200 దీపాలకు 7,200 యూనిట్లు పట్టపగలే ఖర్చయినట్టు. డయల్ టైమర్‌కి ఇంకో జబ్బు ఉంది. బ్యాటరీ లేని రకమైతే కరెంట్ పోయినంతసేపూ ఆగిపోయి, వచ్చాక ఆగినచోటి నుంచే నడుస్తుంది. నాలుగుసార్లు అరగంట చొప్పున కరెంట్ పోతే రెండు గంటలు వెనకబడుతుంది.

దీనికి మందు కొత్తదేమీ కాదు. ఆస్ట్రానామికల్ టైమర్ అని ఎప్పటి నుంచో దొరుకుతోంది. దానికి అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైమ్ జోన్ ఇస్తే ప్రతిరోజు సూర్యోదయ సూర్యాస్తమయాలను తనే లెక్కగట్టుకుంటుంది. మనం చెప్పాల్సింది ఆఫ్‌సెట్ ఒక్కటే, అంటే ఆ క్షణానికి ఎన్ని నిమిషాలు ముందు లేదా తర్వాత అని. ప్లస్ అంటే తర్వాత, మైనస్ అంటే ముందు. మా వీధికి సాయంత్రం ప్లస్ 15, ఉదయం మైనస్ 15. పడమట గుట్టో ఎత్తైన కట్టడమో ఉండి వీధిలో పొద్దు ముందే పోతే సాయంత్రం సున్నా పెట్టినా, మైనస్ 5 పెట్టినా తప్పులేదు. ఎందుకంటే యంత్రం లెక్కగట్టేది చదునైన దిగంతానికి. దాని ముందు గుట్ట ఉందని దానికి తెలియదు. మబ్బు కమ్మిందని కూడా తెలియదు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సంజ వెలుగు చాలాసేపు ఉంటుంది, కాలాన్ని బట్టి దాని నిడివి బాగా మారుతుంది కూడా. అలాంటి చోట్ల నిమిషాల ఆఫ్‌సెట్ కంటే సూర్యుడు దిగంతం కింద ఎన్ని డిగ్రీలకు వెళ్లాడన్న కోణాన్ని పెట్టడం మేలు.

వెలుతురు చూసి పనిచేసే ఫొటోసెల్ పెట్టొచ్చు కదా అని కొందరు అడుగుతారు. పెట్టొచ్చు. మబ్బు రోజుల్లో అదే మెరుగు. కానీ దాని మీద దుమ్ము పేరుకున్నా, చెట్టుకొమ్మ నీడ పడినా పగలే రాత్రనుకుంటుంది. చాలా రకాలు పాడైతే దీపాన్ని వెలిగించే ఉంచేలా తయారవుతాయి, రోడ్డు చీకటి కాకూడదన్న జాగ్రత్తతో. మధ్యాహ్నం పూట ఒక్క స్తంభం మాత్రమే వెలుగుతుంటే సాధారణంగా అనుమానించాల్సింది దాన్నే.

కొత్త టైమర్ బిగించినంత మాత్రాన పని అయిపోదు. పెట్టెలోంచి తీసినట్టే బిగించి వెళ్లిపోయిన ప్యానెళ్లు నేను చాలా చూశాను, వాటిలో కంపెనీ పెట్టిన ఊరే ఉండిపోతుంది. సెట్టింగ్ సరిగా ఉందో లేదో ప్యానెల్ తెరవకుండానే పట్టుకోవచ్చు. అక్టోబర్ 1న, 31న దీపాలు వెలిగిన సమయం రాసుకోండి. మన ఉదాహరణలోని ఊళ్లో ఆ రెండింటికీ 20 నిమిషాల తేడా రావాలి. తేడానే లేకపోతే లోపల నడుస్తున్నది మామూలు గడియారమే. తేడా సరిగానే వచ్చి, ఏడాదంతా ఉదయం, సాయంత్రం రెండూ ఒకే వైపుకు ఒకే కొలతలో తప్పుతుంటే ముందు టైమర్‌లోని గడియారం చూడాలి. అది సరిగా ఉంటే రేఖాంశం తప్పు. డిగ్రీకి 4 నిమిషాలు కాబట్టి మన ఊరి రేఖాంశం బదులు కాలరేఖ రేఖాంశం ఇచ్చినవాడు దీపాలను 16 నిమిషాలు ముందే వెలిగిస్తాడు, ముందే ఆర్పుతాడు. తూర్పు బదులు పడమర అని కొడితే వెతకక్కర్లేదు, దీపాలు పట్టపగలు వెలిగి వాటంతట అవే చెబుతాయి. కష్టమైనది ఉత్తరం బదులు దక్షిణం కొట్టడం. మార్చిలో, సెప్టెంబర్‌లో బిగిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, బిల్లు కూడా పాసైపోతుంది. నవంబర్ చివరికి వచ్చేసరికి దీపాలు దాదాపు 55 నిమిషాలు ఆలస్యమవుతాయి.

మీ పత్రికలో రోజూ సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలు వేస్తారు. ఒక వారం పాటు వాటి పక్కన తమ వీధి దీపాలు వెలిగిన, ఆరిన సమయాలు రాయమని పాఠకులను కోరుతున్నాను. ఆ కాగితం జతచేసిన ఫిర్యాదుకు "టైమర్ కరెక్ట్‌గానే ఉంది" అన్న జవాబు చెల్లదు. బాధ్యులను నేను అడిగేది ఇంతే: ప్రతి ప్యానెల్ తలుపు లోపలివైపు, దానిలో పెట్టిన అక్షాంశం, రేఖాంశం, రెండు ఆఫ్‌సెట్‌లు, చివరిసారి సరిచూసిన తేదీ రాసిన ఒక స్టిక్కర్ అతికించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్