గీజర్‌లో ఫ్లో సెన్సర్, పొగ గొట్టం చూడకుండానే ఫిర్యాదు మూసేయడం గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో మీవాళ్లే బిగించిన 6 లీటర్ల డిజిటల్ గ్యాస్ గీజర్ రెండు నిమిషాలు వేడినీళ్లిచ్చి చల్లబడిపోతోంది. కుళాయి కట్టేసి మళ్లీ తిప్పితే వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. వెలిగినప్పుడు కూడా మంట సన్నగానే ఉంటోంది. మీ టెక్నీషియన్ వచ్చి, నీళ్ల ప్రెషర్ చాలట్లేదు, పంపు పెట్టించుకోండి అని చెప్పి ఫిర్యాదు మూసేశారు. ఆయన ఏదీ కొలవలేదు.

మేం కొలిచాం. వేడినీళ్ల కుళాయి కింద 10 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండింది, అంటే నిమిషానికి 5 లీటర్లు. ఈ మోడల్ వెలగడానికి 2.5 లీటర్లు చాలని మీ మాన్యువల్‌లోనే ఉంది. పైగా మంట ఆరిన క్షణంలో కూడా ధార తగ్గలేదు. నీళ్లు వస్తూనే ఉన్నాయి, రావట్లేదని గీజర్ అనుకుంటోంది.

ఇన్‌లెట్ దగ్గరి జల్లెడ విప్పి దులిపితే బియ్యపు నూకంత తెల్లటి సున్నపు పెచ్చులు రాలాయి. మాది బోరు నీళ్లు. వాటిలో కొన్ని జల్లెడ దాటి ఫ్లో సెన్సర్‌లోని చిన్న చక్రంలో ఇరుక్కుని ఉంటాయని మా అనుమానం. ఆ చక్రం ఎంత వేగంగా తిరిగితే అన్ని నీళ్లు వస్తున్నాయని బోర్డు లెక్క వేసుకుంటుంది, ఆ లెక్కను బట్టే గ్యాస్ వదులుతుంది. చక్రం మందగిస్తే మంట తగ్గుతుంది, ఆగితే వాల్వు మూసుకుంటుంది. మాకు కనిపిస్తున్న రెండు లక్షణాలూ ఇవే. పంపు పెడితే ఆ తోపుకి చక్రం కొన్నాళ్లు తిరుగుతుందేమో గానీ, లోపల సున్నం అలాగే ఉంటుంది.

సన్నటి మంటకు గ్యాస్ తక్కువ రావడం కూడా కారణం కావచ్చు. అందుకే గీజర్ వెలుగుతుండగానే ఇన్‌లెట్ దగ్గర గ్యాస్ ప్రెషర్ కొలవమంటున్నాం. అది 30 మిల్లీబార్ల దగ్గర నిలబడితే తప్పు రెగ్యులేటర్‌దీ కాదు, పైపుదీ కాదని తేలిపోతుంది.

మాకు అన్నిటికన్నా భయంగా ఉన్నది పొగ గొట్టం. దాని చివర తెరుచుకునేది అద్దాలు బిగించిన యుటిలిటీలోకి. బిగించిన రోజే ఆ అద్దాలున్నాయి, అయినా మీవాళ్లు గొట్టాన్ని అక్కడే వదిలేశారు. అద్దాలు మూసి, ఆరినప్పుడల్లా మళ్లీ వెలిగిస్తూ వాడితే ఐదారు నిమిషాల్లో నీలి మంట కొసలు పసుపెక్కుతున్నాయి, తెరిస్తే మళ్లీ నీలిగా మారుతున్నాయి. వదిలిన పొగనే గీజర్ తిరిగి పీల్చుకుంటోందన్నమాట. గొట్టం పూడుకుపోతే లోపలి ప్రెషర్ స్విచ్ ఆపుతుందేమో గానీ, గదిలో గాలి చెడితే దానికి తెలియదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, స్నానం చేసే మనిషికీ తెలియదు.

కాబట్టి ఫ్లో సెన్సర్ విప్పి శుభ్రం చేయండి, చక్రం అరిగి ఉంటే వారంటీలో మార్చండి. గ్యాస్ ప్రెషర్ ఎంతో సర్వీస్ రిపోర్టులో అంకెల్లో రాయించండి. పొగ గొట్టాన్ని అద్దాల అవతలకి, బయటి గోడ దాటేలా మీ ఖర్చుతో పొడిగించండి. గొట్టం బయటివైపుకి కాస్త కిందికి వాలి ఉండాలి, లేకపోతే వాన నీళ్లు గీజర్‌లోకి దిగుతాయి.

ఈ పని అయ్యేదాకా గీజర్ గ్యాస్ వాల్వు కట్టేసి ఉంచుతున్నాం. వచ్చే టెక్నీషియన్ చేతికి గ్యాస్ ప్రెషర్ కొలిచే మీటరు ఇచ్చి పంపండి.

ఇట్లు,
ఫ్లాట్ యజమానులు, మారతహళ్లి, బెంగళూరు