మా నాన్న దవాఖాన ఫోటోలకు పాట పెట్టి వీడియో చేసిన మీ గ్యాలరీ యాప్ గురించి

హైదరాబాద్,
19 ఆగస్టు 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ ఫోన్‌లోని గ్యాలరీ యాప్ తనంతట తానే తయారుచేసే జ్ఞాపకాల వీడియోలను పూర్తిగా ఆపే దారి లేకపోవడం గురించి.

అయ్యా,

మాది మల్కాజిగిరి. మీ కంపెనీ ఫోన్ మా అమ్మ వాడుతుంది. ఆమెకు 68 ఏళ్లు. ఫోన్‌లో ఆమె చేసేవి మూడే పనులు: డల్లాస్‌లో ఉన్న మా అక్కతో వీడియో కాల్, వాట్సాప్‌లో భజనలు, ఫోటోలు చూసుకోవడం.

మే 5న పొద్దున వంటింటి గడపలో కూర్చుని గోంగూర వలుస్తోంది. పక్కనే ఉన్న ఫోన్ టింగుమంది. ‘మీ మరపురాని మే’ అని వచ్చిన నోటిఫికేషన్‌ను నొక్కింది. నేను లోపల షేవింగ్ చేసుకుంటున్నాను. పెళ్లి బరాత్‌లో వాయించేలాంటి సంగీతం వినిపించింది. అది ఆగకముందే అమ్మ గొంతు వినిపించింది.

“ఏందిరా ఇది, మీ నాయన దవాఖాన ఫోటోలకు పాట పెట్టినవ్?”

మా నాన్న 2021 మే 9న కోవిడ్‌తో పోయారు. పన్నెండు రోజులు దవాఖానలో ఉన్నారు. ఆ వీడియో నేను తర్వాత చూశాను. ముందు ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పక్కన కుర్చీలో కూర్చున్న నాన్న. తర్వాత సీటీ స్కాన్ రిపోర్టు, డాక్టర్‌కు పంపడానికి తీసింది. అంబులెన్స్ తలుపు. కట్టిన అడ్వాన్సు రసీదు. ప్రతి ఫోటో మీదా మెల్లగా దగ్గరికి జరుగుతుంది మీ యాప్; రసీదు మీద కూడా అలాగే జరిగింది, అంకెలు కనపడేదాకా. చివర రంగు కాగితాలు రాలుతూ ‘మళ్లీ చూడండి’ అన్న బటన్.

నా ఫిర్యాదులో మొదటిది ఇదే: ఆ వీడియో యాప్ చేసిందని ఎక్కడా రాసి లేదు. ఆమె ఫోన్‌ను సరిచేసేది నేనొక్కణ్ణే కాబట్టి నేనే చేశాననుకుంది. ఆ పూటంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. యంత్రం చేసిందని చెబితే, “యంత్రానికి పాట ఏది పెట్టాల్నో ఎట్ల తెలుస్తది?” అంది. తెలియదమ్మా అన్నాను. అదే సంగతి మీకూ చెబుతున్నాను: తెలియదు. మీ యాప్‌కు కనపడేది తేదీ, చోటు, మొహం. ఒకే వారంలో, మామూలుగా వెళ్లని చోట, ఒకే మనిషి చుట్టూ చాలా ఫోటోలు పడితే అది విహారయాత్ర అనుకుంటుంది. దవాఖానలో ఉన్న పన్నెండు రోజులూ లెక్కకు అలాగే కనపడతాయి.

పైగా ఆ తేదీ మాకు ఏమీ కాదు. నాన్న పోయింది చైత్ర బహుళ త్రయోదశి నాడు. ఈ ఏడాది ఆ తిథి ఏప్రిల్ ఆఖరి వారంలోనే వచ్చింది. తద్దినం పెట్టాం, అమ్మ ఏడవాల్సింది ఆ రోజు ఏడ్చి మనసు కుదుటపరచుకుంది. మీరు ఇంగ్లీషు తేదీ పట్టుకుని పది రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి దీన్ని ఆపడానికి నేను చేసినవన్నీ రాస్తున్నాను. మీ కస్టమర్ కేర్ నాకు రెండుసార్లు ఇచ్చిన జవాబు ‘క్యాష్ క్లియర్ చేయండి’ కాబట్టి, ఇవి చదివాక మళ్లీ అదే రాయరని ఆశ.

మొదట సెట్టింగ్స్‌లో జ్ఞాపకాల నోటిఫికేషన్ ఆపేశాను. టింగుమనడం ఆగింది, వీడియోలు ఆగలేదు. గ్యాలరీ తెరిస్తే పైవరసలోనే ఉన్నాయి, హోమ్ స్క్రీన్ మీది విడ్జెట్‌లోనూ తిరుగుతున్నాయి. నోటిఫికేషన్ ఆపడం అంటే కబురు చెప్పొద్దనడమే, తయారుచేయొద్దనడం కాదు. ఈ తేడా మీ సెట్టింగ్స్ పేజీలో ఒక్క వాక్యంలో రాస్తే నాకు వారం మిగిలేది. విడ్జెట్‌ను వేలితో నొక్కిపట్టి తీసేశాను. పైవరసను తీసేసే మీట మాత్రం మీ యాప్‌లో లేదు.

తర్వాత మనిషిని దాచే దారి పట్టాను. నాన్న మొహం మీద నొక్కి ‘చూపవద్దు’ అన్నాను. రెండు తప్పులు జరిగాయి. సిలిండర్ పక్కన తీసిన ఫోటోల్లో ఆక్సిజన్ మాస్క్ ముక్కూ నోరూ కప్పేయడంతో, మీ యాప్ ఆయన్ని వేరే మనిషి అనుకుని ఇంకో గుంపులో పెట్టింది. నేను దాచింది నవ్వుతున్న నాన్నను. మాస్క్ పెట్టుకున్న నాన్న అలాగే ఉన్నారు. ఆ రెండో గుంపును దాచాలంటే దాన్ని తెరిచి, పద్నాలుగు ఫోటోలనూ ఒక్కొక్కటిగా చూసి, ఈయన ఆయనే అని మీకు చెప్పాలి. చూడకుండా ఉండటం కోసం అన్నీ చూడాల్సి వచ్చింది.

రెండో తప్పు నాది. వారం తర్వాత అమ్మ అడిగింది, “మీ నాయన వస్తలేడేంది ఇందుల?” అని. సంక్రాంతికి గాలిపటం పట్టుకున్న ఫోటో, మనవరాలి అన్నప్రాశనది, యాదగిరిగుట్ట మెట్ల మీద తీసింది, అన్నీ పోయాయి. ఆమెకు నాన్న కావాలి, ఆ పన్నెండు రోజులు వద్దు. దాచడం తీసేశాను.

ఇక మిగిలింది తేదీలు. 2021 ఏప్రిల్ 28 నుంచి మే 9 దాకా దాచాను. ఇది పనిచేసింది, అనుకున్నాను. మొన్న ఆగస్టు 17 ఆదివారం, ‘రెండేళ్ల కిందట ఇదే రోజు’ అని వార్డులో మంచం మీద పడుకున్న నాన్న ఫోటోలు వచ్చాయి. రెండేళ్ల కిందట నాన్న లేనే లేరు!

కారణం వెతకడానికి ఒక సాయంత్రం పట్టింది. వార్డులోకి మమ్మల్ని రానివ్వలేదు కాబట్టి ఆ ఫోటోలు అక్కడి నర్సమ్మ దయతలచి వాట్సాప్‌లో పంపినవి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో, కెమెరా లోపల రాసిపెట్టే తేదీ, చోటు మిగలవు. అప్పుడు గ్యాలరీ ఫైలు తేదీని నమ్ముకుంటుంది. నాన్న పాత ఫోన్‌లోని ఫోటోలను నేను అమ్మ ఫోన్‌లోకి కాపీ చేసింది 2023 ఆగస్టు 17న. ఫైళ్లకు ఆ రోజు తేదీ పడింది. మా ఇంటి కెమెరా ఫోటోలు నేను దాచిన తేదీల్లో ఆగిపోయాయి, వాట్సాప్‌వి తప్పించుకున్నాయి. ఎవరైనా పోల్చుకోవడం తేలికే: ఫైలు పేరు చూస్తే చాలు. `IMG-20210503-WA0007.jpg` అని ఉంటే అది 2021 మే 3న వాట్సాప్‌లో వచ్చిన ఫోటో. వివరాల్లో మాత్రం 2023 అని చూపిస్తుంది. పేరులోనే ఉన్న తేదీని మీ యాప్ ఎందుకు చదవదో నాకు అర్థం కాలేదు.

చివరికి పనిచేసింది మీ సెట్టింగ్ కాదు, ఆండ్రాయిడ్‌లో ఎప్పటినుంచో ఉన్న పాత ఏర్పాటు. ఆ ఫోటోలన్నిటినీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. తర్వాత ఫోన్‌లో కొత్త ఫోల్డర్ చేసి వాటిని అందులోకి మార్చి, ఫైల్ మేనేజర్‌తో ఈ పేరుగల ఖాళీ ఫైలు పెట్టాను:

```
.nomedia
```

పేరు ముందు చుక్క ఉండాలి. ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌ను ఫోన్ మీడియా జాబితాలోకి తీసుకోదు, అందుకని గ్యాలరీకి ఆ ఫోటోలు కనపడవు. ఫోన్ ఆపి మళ్లీ వేశాక పోయాయి. పెన్‌డ్రైవ్ ఎందుకంటే, గ్యాలరీకి కనపడనివి బ్యాకప్‌కూ కనపడకపోవచ్చు. ఫోన్ పోతే అవీ పోతాయి. క్లౌడ్‌లోకి అప్పటికే వెళ్లిన కాపీలకు ఈ చిట్కా వర్తించదు, వాటిని అక్కడే విడిగా చూసుకోవాలి. ఈ పని మా అమ్మ చేసుకోగలదా చెప్పండి.

వేరేవాళ్లు చేయలేనిదేమీ మిమ్మల్ని అడగడం లేదు. గూగుల్ ఫోటోస్‌లో Memories సెట్టింగ్స్‌లోకి వెళితే Hide people & pets, Hide dates రెండూ ఒకేచోట ఉన్నాయి. ఐఫోన్ ఫోటోస్ సెట్టింగ్స్‌లో Show Featured Content అన్న మీట ఒక్కటి ఆపితే జ్ఞాపకాలు ముందుకు రావు. ఫేస్‌బుక్‌లోనూ Memories పేజీ సెట్టింగ్స్‌లో మనుషులను, తేదీలను దాచుకోవచ్చు. అక్కడా నోటిఫికేషన్లకు None పెట్టినంత మాత్రాన పేజీ మాయం కాదు, అది వేరే సంగతి.

ఈ బాధ కొత్తదీ కాదు. 2014 క్రిస్మస్ ముందు రోజు అమెరికాలో ఎరిక్ మేయర్ అనే వెబ్ డిజైనర్‌కు ఫేస్‌బుక్ ‘మీ సంవత్సరం’ అంటూ, ఆ ఏడాదే పోయిన ఆయన కూతురి ఫోటోను నాట్యమాడే బొమ్మల మధ్య చూపింది. ఆయన అప్పుడే రాశారు: ముందే ఫోటో పెట్టేయకండి, చూడాలని ఉందా అని మొదట అడగండి అని. పదకొండేళ్లు కావస్తోంది.

నేను కోరేవి: వీడియోల తయారీని మొత్తంగా ఆపే మీట ఒకటి, అది ఆపితే పైవరస, విడ్జెట్ కూడా ఆగాలి. ఫోటో చూపకుండా, పాట మోగకుండా ముందు ‘చూస్తారా’ అని అడగాలి. వాట్సాప్ ఫోటోలకు పేరులోని తేదీని లెక్కలోకి తీసుకోవాలి. అన్నిటికంటే ముందు, వీడియో మొదట్లోనే ‘ఇది యాప్ తయారుచేసింది’ అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయాలి.

పదిహేను రోజుల్లో మనిషి రాసిన జవాబు ఇప్పించండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ ఫోన్ కొన్న వినియోగదారుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్

జత: సెట్టింగ్స్ పేజీల స్క్రీన్‌షాట్లు 3, తేదీ తప్పుగా చూపిన ఒక ఫైలు వివరాల స్క్రీన్‌షాట్ 1. వీడియోలు జత చేయలేదు. రెండూ తీసేశాను.