రొట్టెల పండుగ జనం లెక్క: ఏ చోట, ఏ గంటలో, ఏ పద్ధతిలో?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగిన మర్నాడు పేపర్లలో, టీవీల్లో జనం లెక్కలు వస్తాయి. ఒకరు వేలల్లో చెప్తే, ఇంకొకరు లక్షల్లో చెప్తారు. మధ్యలో "డ్రోన్ వీడియో ఆధారంగా" అనే మాట కూడా ఉంటోంది. పైనుంచి తీసిన వీడియో ఉంది కదా, ఇక లెక్క పక్కాగా ఉంటుందని చదివేవాళ్లు అనుకుంటారు. రొయ్యల గుంటల గట్లు, రోడ్లు డ్రోన్‌తో సర్వే చేయడం నా వృత్తి. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఒకే వీడియో నుంచి తొమ్మిది వేలూ తీయొచ్చు, నలభై ఎనిమిది వేలూ తీయొచ్చు. ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేదు. అదెలాగో మీ పాఠకులకు చెప్పాలనే ఈ లేఖ.

ముందు కెమెరాకు ఏం కనిపిస్తుందో చూద్దాం. మామూలు డ్రోన్ కెమెరాను 100 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందికి పెడితే సుమారు 150 మీటర్ల వెడల్పు నేల ఫ్రేములో పడుతుంది. 4కే వీడియోలో ఆ వెడల్పుకు 3,840 పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి ఒక్కో పిక్సెల్ దాదాపు 4 సెంటీమీటర్ల నేల. మనిషి తల సుమారు 20 సెంటీమీటర్లు అనుకుంటే, అది అయిదు పిక్సెళ్ల చుక్క. అదే వీడియోను ఫుల్ హెచ్‌డీకి తగ్గిస్తే తల రెండున్నర పిక్సెళ్లు. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వచ్చిన క్లిప్‌లో అదీ మిగలదు, రంగుల మరక మాత్రమే ఉంటుంది. అలాంటి క్లిప్ ముందు పెట్టుకుని ఎవరైనా సంఖ్య చెప్తే, ఆ సంఖ్య వీడియోలోంచి వచ్చింది కాదు.

దర్గా పక్కనే, రొట్టెలు మార్చుకునే స్వర్ణాల చెరువు ఘాట్ దగ్గర ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఫ్రేమును పెద్దది చేసి చూడండి. తల మీద కొంగు కప్పుకున్న తల్లి, ఆమె చంకలో బిడ్డ, ఇద్దరూ కలిసి ఒకే చీర రంగు ముద్దగా కనిపిస్తారు. రొట్టె ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు నీళ్లలో ఎదురెదురుగా ముందుకు వంగుతారు, రెండు తలలు ఆనుకుని ఒకటవుతాయి. నీటి మీద ఎండ మెరుపు పడిన చోట అసలు ఎవరూ కనిపించరు. షామియానాల కింద, చెట్ల కింద ఉన్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కెమెరాను నిలువుగా కాకుండా ఏటవాలుగా పెట్టి తీస్తే దూరంగా ఉన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు. టీవీల్లో వచ్చేవి ఎక్కువగా ఏటవాలు షాట్లే, ఎందుకంటే వాటిలో జనం ఇంకా దట్టంగా, అందంగా కనిపిస్తారు.

ఇప్పుడు లెక్క. నేను కొలిచిన అంకెలు కావివి, పద్ధతి అర్థం కావడానికి అనుకున్నవి. ఘాట్, దాని వెనక ఖాళీ స్థలం కలిపి 200 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు అనుకుందాం. అంటే 12,000 చదరపు మీటర్లు. దుకాణాలు, బారికేడ్లు, టెంట్లు, వాహనాలు 3,000 తీసుకుంటే మనుషులు నిలబడగలిగేది 9,000.

1960లలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠం చెప్పిన హెర్బర్ట్ జేకబ్స్, తన కిటికీ కింద జరిగే విద్యార్థుల సభలను చూసి ఒక పద్ధతి పెట్టారు. స్థలాన్ని గళ్లుగా విడగొట్టాలి. జనం పలుచగా ఉన్న చోట మనిషికి 10 చదరపు అడుగులు, దట్టంగా ఉన్న చోట 4.5, కిక్కిరిసి ఉన్న చోట 2.5 చొప్పున వేసుకోవాలి. మన కొలతల్లో చదరపు మీటరుకు వరసగా ఒకరు, ఇద్దరున్నర, నలుగురు అని గుర్తుపెట్టుకోవచ్చు. మన స్థలంలో నీటి అంచున 15 మీటర్ల వెడల్పు పట్టీ కిక్కిరిసి ఉందనుకుంటే, 3,000 చదరపు మీటర్లకు నలుగురు చొప్పున 12,000 మంది. వెనక 6,000 చదరపు మీటర్లలో పలుచగా 6,000 మంది. మొత్తం 18,000.

ఇదే పద్ధతి అంటూ ఇంకొకరు నీటి అంచు దగ్గరి సాంద్రతను చూసి, టెంట్లతో సహా మొత్తం 12,000 చదరపు మీటర్లకూ నలుగురు చొప్పున వేస్తారు. అప్పుడు 48,000. మూడో వ్యక్తి ఒక్కొక్క మనిషినీ గుర్తించి చుట్టూ గీత గీసే సాఫ్ట్‌వేర్ వాడతారు. అది పలుచటి జనంలో బాగానే పనిచేస్తుంది, కిక్కిరిసిన చోట చతికిలపడుతుంది. వెనక ఆరువేలలో అయిదువేలు పట్టుకుని, నీటి అంచున మూడు తలలకు ఒకటే పట్టుకుంటే మొత్తం 9,000 అవుతుంది. వీడియో ఒకటే, సంఖ్యలు మూడు. ముగ్గురూ "డ్రోన్ లెక్క" అనే చెప్తారు.

కిక్కిరిసిన జనం కోసం వేరే రకం సాఫ్ట్‌వేర్ ఉంది. అది తలలను విడివిడిగా పట్టుకోదు. బొమ్మలో ఎక్కడ జనం ఎంత చిక్కగా ఉన్నారో చుక్కచుక్కకూ ఒక విలువ ఇస్తుంది, ఆ విలువలన్నీ కూడితే సంఖ్య వస్తుంది. మనుషులు కూర్చుని ఒక్కో తల మీద ఒక్కో చుక్క పెట్టిన వేలాది బొమ్మలు చూపించి దానికి నేర్పుతారు. ఈ రంగంలో అందరూ వాడే షాంఘైటెక్ అనే బొమ్మల సమాహారం 2016లో వచ్చింది. అందులో ఒక భాగం ఇంటర్నెట్ నుంచి ఏరినవి, రెండో భాగం షాంఘై వీధుల్లో తీసినవి. ఆ బొమ్మలతో నేర్చుకున్నదాన్ని తెచ్చి 100 మీటర్ల ఎత్తు నుంచి తీసిన మన చెరువు ఘాట్ మీద పెడితే, అది ఎప్పుడూ చూడని దృశ్యం అది. కొంగు కప్పిన తలలను వదిలేయొచ్చు, గులకరాళ్లను, ఆకులను, చెప్పుల కుప్పలను జనంగా లెక్కపెట్టొచ్చు. ఏ వైపు తప్పుతుందో ముందుగా చెప్పలేం.

కానీ తప్పిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. నీటి అంచు పట్టీలో కొన్ని, వెనక స్థలంలో కొన్ని, అయిదు మీటర్ల గళ్లను చీటీ తీసినట్టు ఎంచుకోవాలి. ఇద్దరు మనుషులు ఒకరి లెక్క ఒకరికి చూపించకుండా స్క్రీన్ మీద తలలు లెక్కపెట్టాలి. సాఫ్ట్‌వేర్ 60 అన్న గళ్లలో మనుషులకు సగటున 90 వస్తుంటే, ఆ పట్టీ మొత్తాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి. దట్టమైన చోటికి, పలుచటి చోటికి ఈ సవరణ వేర్వేరుగా చేయాలి. ఆ ఇద్దరి లెక్కలే కలవకపోతే, ఆ వీడియో లెక్కకు పనికిరాదని అర్థం. ఇది ఒక పూట పని. ఈ పని జరిగిందని ఏ ప్రకటనలోనూ నేను చదవలేదు.

ఇంతకంటే పెద్ద తేడా ఇంకోచోట వస్తుంది. ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక క్షణంలో ఎంతమంది ఉన్నారనేది. "ఈరోజు ఎంతమంది వచ్చారు" అనేది వేరే ప్రశ్న. తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా 16 గంటలు ఘాట్ దగ్గర సగటున పదివేల మంది ఉన్నారనుకుందాం. మనిషి రెండు గంటలు ఉండి వెళ్తే ఆరోజు వచ్చినవాళ్లు 80,000. గంటే ఉంటే 1,60,000. నాలుగు గంటలు ఉంటే 40,000. వీడియోలో ఏ తేడా లేదు, ఘాట్ ఎప్పుడూ ఒకేలా నిండి ఉంది. పైనుంచి తీసిన వీడియోలో ఒకే మనిషిని వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా వెంబడించలేం కాబట్టి, ఎంతసేపు ఉన్నారో బయటికి వెళ్లే దారిలో కొందరిని అడిగి తెలుసుకోవాల్సిందే. లేదా లోపలికొచ్చే దారుల మీద తక్కువ ఎత్తులో కెమెరాలు పెట్టి, గీత దాటిన తలలను లెక్కపెట్టాలి. అయిదారు మీటర్ల ఎత్తు నుంచి తల స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు కూడా వచ్చేది రాకల లెక్కే. కడప నుంచి వచ్చి రెండు రోజులు ఉండి, రోజుకు రెండుసార్లు ఘాట్‌కు వెళ్లిన కుటుంబం అయిదు రోజుల పండుగ మొత్తం లెక్కలో ఎన్నిసార్లు పడుతుందో ఆలోచించండి.

2019 జూలై 1న హాంకాంగ్‌లో జరిగిన ఊరేగింపుకు 5,50,000 మంది వచ్చారని నిర్వాహకులు అన్నారు. పోలీసులు 1,90,000 అన్నారు. పాదచారుల వంతెనల మీద కెమెరాలు పెట్టి లెక్కించిన పరిశోధకులకు 2,65,000 వచ్చింది. పోలీసుల సంఖ్య జనం అత్యధికంగా ఉన్న సమయానికి సంబంధించినది, మిగతా రెండూ ఊరేగింపు మొత్తానికి. పక్కపక్కన అచ్చేస్తే ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నట్టు కనిపిస్తుంది.

మొత్తం ఎంతమంది అన్న దాని గురించి మనం ఇంత కొట్లాడుకుంటాం గానీ, ప్రాణాలు తీసేది అది కాదు. 2022 డిసెంబర్ 28న కందుకూరు సభలో ఎనిమిది మంది చనిపోయారు. తొక్కిసలాట జరిగింది ఊరంతా కాదు, మురుగు కాలువ పక్కన కొద్ది మీటర్ల జాగాలో. చదరపు మీటరుకు ఇద్దరు ఉన్నంతవరకు మనిషి తన ఇష్టప్రకారం నడవగలడు. నలుగురైదుగురు అయ్యేసరికి అడుగు వేయడం కష్టం. ఆరుగురు దాటితే జనం అలలా ఊగుతారు, ఒకరి తోపు పది వరసల అవతల తగులుతుంది. పైనుంచి చూస్తే ఇది తెలిసిపోతుంది. నడక ఆగి ఆగి సాగుతుంది, తర్వాత తలలన్నీ కలిసి పక్కకు ఒరిగి మళ్లీ వెనక్కి వస్తాయి. నేను పైన చెప్పిన స్థలంలో సగటు చదరపు మీటరుకు ఇద్దరే. ఆ సగటు చూసి అంతా బాగుందనుకుంటే, మెట్ల మూల దగ్గర ఆరుగురు ఇరుక్కున్న సంగతి ఎవరికీ తెలియదు. డ్రోన్ వీడియోకు నిజంగా పని ఉన్నది ఇక్కడే, పండుగ అయిపోయాక కాదు, జరుగుతున్నప్పుడు.

అందుకని జిల్లా అధికారులను, మీ పత్రికను కోరేది ఇది. జనం సంఖ్య ప్రకటించినప్పుడు దాని పక్కనే ఏ స్థలానికి, ఏ సమయానికి, ఒక క్షణానికా రోజంతటికా, ఏ పద్ధతిలో, కనీసం ఎంత నుంచి గరిష్ఠంగా ఎంత వరకు అన్నది రాయాలి. ఇవి చెప్పలేని సంఖ్యను హెడ్డింగ్‌లో పెట్టకండి. వచ్చే పండుగకు ఘాట్ మీద, మెట్ల దగ్గర సున్నంతో గళ్లు గీయించి, వాటి కొలతలు రాసిపెట్టుకోవాలి. కంట్రోల్ రూంలో కూర్చున్నవాళ్లు మొత్తం సంఖ్య మీద కాకుండా, ఒక్కో గడిలో చదరపు మీటరుకు ఎంతమంది ఉన్నారన్న దాని మీద కన్నేసి ఉంచాలి. ఏ గడి అయినా నాలుగు దాటగానే ఆ వైపు దారి ఆపే అధికారం అక్కడ డ్యూటీలో ఉన్న సీఐకి ముందే ఇవ్వాలి. అసలు వీడియోను కుదించకుండా భద్రపరిచి, లెక్క సరిచూస్తామని అడిగిన కాలేజీ విద్యార్థులకు ఇవ్వాలి. గళ్లు గీయడానికి, చేత్తో తలలు లెక్కపెట్టడానికి నేను, నాతో పనిచేసే కుర్రాళ్లు డబ్బు తీసుకోకుండా వస్తాం.

ఇట్లు,
ఒక డ్రోన్ సర్వేయర్,
నెల్లూరు